రాత్రి తొమ్మిదింటి కాఫీ రెండు గంటలకీ దిగలేదు: నాలుగేళ్లు వాడాక నా మాట

కావలిలో రూమ్ తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. పొద్దున 1600 మీటర్ల పరుగు, రాత్రి చదువు. రెండింటికీ కాఫీయే ఆధారం. టైం తప్పితే మాత్రం రాత్రి తాగింది పొద్దుటి పరుగును తినేస్తుంది.

మొదట్లో గ్రౌండ్ బయట బండి దగ్గర కప్పు తాగి వెంటనే పరిగెత్తేవాణ్ణి. నాలుగు రౌండ్లూ అయిపోయి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాక హుషారు వచ్చేది! కెఫీన్ పావుగంటకే కొద్దిగా తెలిసినా, రక్తంలో పూర్తిగా ఎక్కడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. టిఫిన్ తిన్నాక తాగితే ఇంకా ఆలస్యం. ఇప్పుడు ఐదున్నర పరుగుకి నాలుగున్నరకే, ఖాళీ కడుపుతో, రెండు చెంచాల ఇన్‌స్టంట్ పొడి వేడినీళ్లలో కలుపుకుంటాను. నా అంచనాకి 120 మిల్లీగ్రాముల కెఫీన్. బాత్రూమ్ పని కూడా రూమ్‌లోనే అయిపోతుంది, అదో లాభం.

ఆటగాళ్లకు చెప్పే లెక్క కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు. నా 66 కిలోలకు తక్కువలో తక్కువ 200. ఒకరోజు ఆ 200 మొత్తం వేసి చూశాను. గుండె దడ, చేతుల వణుకు. మొదటి రౌండ్ ఎగిరిపోయి మూడో రౌండ్‌లో చతికిలపడ్డాను. నాకు 120 చాలు. మెస్ డికాక్షన్‌తో ఈ లెక్క కుదరదు. అందులో చికోరీ ఎంత కలిపారో తెలియదు, చికోరీలో కెఫీన్ ఉండదు. చిక్కగా, నల్లగా ఉందని మోసపోకండి.

అసలు దెబ్బ రాత్రి కాఫీతోనే. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. తొమ్మిదింటికి 120 తాగితే రెండింటికి ఇంకా 60 ఉంటుంది, అంటే ఒక చెంచా కాఫీ అప్పుడే తాగి పడుకున్నట్టు. పన్నెండింటికి పుస్తకం మూసి, రెండింటిదాకా ఫ్యాన్ చూస్తూ పడుకున్న రాత్రులు ఎన్నో. నిద్ర పట్టినా పైపైనే. నాలుగుంపావుకి అలారం మోగితే కాళ్లు బరువు. దానికి మళ్లీ ఇంకో చెంచా ఎక్కువ. ఈ గొలుసు గ్రహించడానికి నాకు ఏడాది పట్టింది.

ఇప్పుడు చివరి కాఫీ సాయంత్రం ఐదింటికి, అదీ ఒక చెంచాతో. తాగగానే ఇరవై నిమిషాలు కునుకు తీస్తాను. లేచేసరికి కెఫీన్ ఎక్కుతూ ఉంటుంది. పదిన్నరకు పుస్తకం మూసేస్తాను.

మా రూమ్మేట్ పదింటికి తాగి కూడా పదకొండుకు గురక పెట్టేవాడు. "నీది టెన్షన్‌రా, కాఫీ కాదు" అనేవాడు. వాడికి అప్పట్లో సిగరెట్లు ఉండేవి. పొగ తాగేవాళ్ల కాలేయం కెఫీన్‌ను దాదాపు రెట్టింపు వేగంతో వదిలించేస్తుంది. మొన్న సంక్రాంతికి సిగరెట్లు మానేశాడు. రెండు వారాలు నిద్రలేక, చివరికి పదింటి ఫ్లాస్క్ కడిగి పైన పెట్టేశాడు.