రిపేరుకు ఇచ్చిన ల్యాప్‌టాప్ పోయిందా? రసీదు వెనుక వాక్యం చూసి వెనక్కి వచ్చేయకండి

వస్తువులు రిపేరుకు ఇచ్చేవాళ్ళు కాస్త జాగ్రత్త. జూన్‌లో నా ల్యాప్‌టాప్ మూత బందు విరిగితే మా బజారులోని ఒక దుకాణంలో ఇచ్చాను. 12వ తేదీకి ఇస్తానని రసీదు మీద రాసిచ్చాడు. 12న వెళితే, "పని అయిపోయింది సార్, బీరువా తాళం కుర్రాడి దగ్గర ఉండిపోయింది, రేపు రండి" అన్నాడు. 14న వెళితే కుర్రాడు సెలవు. 18న వెళ్ళేసరికి, "రాత్రి దొంగలు పడ్డారు సార్, మీదీ పోయింది" అని రసీదు తిప్పి చూపించాడు. "వస్తువులు పోయినా, పాడైనా బాధ్యత మాది కాదు" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ ఇంటికి వచ్చేశాను. లా చదివిన మా మేనల్లుడు విని, "మామయ్యా, నువ్వు బెయిలర్‌వి, ఆయన బెయిలీ. కాగితం చూపించి తప్పించుకోవడం అంత సులువు కాదు" అన్నాడు. ఇది జైలు నుంచి విడిపించే బెయిలు కాదు. ఒక పని కోసం వస్తువును అప్పగించి, పని అయ్యాక తిరిగి ఇవ్వాలనుకునే ఒప్పందాన్ని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ బెయిల్‌మెంట్ అంటుంది. అప్పగించినవాడు బెయిలర్, తీసుకున్నవాడు బెయిలీ.

బెయిలీ ఎంత జాగ్రత్తగా ఉండాలో 151వ సెక్షన్ చెబుతుంది. అలాంటి పరిస్థితుల్లో సాధారణ వివేకం ఉన్న మనిషి అంతే విలువైన తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో, అలా చూసుకోవాలి. అంత జాగ్రత్త తీసుకున్నా దొంగతనం జరిగితే, వేరే ఒప్పందం లేనంతవరకు, అతని మీద బాధ్యత ఉండదు (152వ సెక్షన్). కాబట్టి దొంగతనం జరిగిందన్న ఒక్క మాటతో కథ తేలదు, ఎలా దాచాడన్నదే ప్రశ్న. పైగా తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపించాల్సింది అతనే. దుకాణం లోపల ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది? ఆ దుకాణంలో అమ్మకానికి పెట్టిన కొత్త ఫోన్లు ఇనుప బీరువాలో భద్రంగా ఉన్నాయి. జనం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు మాత్రం షట్టర్ పక్కన బల్ల మీద ఉన్నాయట. పోలీసు ఫిర్యాదు ప్రతి అడిగితే, "ఇంకా ఇవ్వలేదు" అన్నాడు.

ఇంతకన్నా గట్టిది 161వ సెక్షన్. బెయిలీ తప్పు వల్ల వస్తువు సకాలంలో తిరిగి రాకపోతే, ఆ సమయం నుంచి జరిగే నష్టానికి అతనే బాధ్యుడు. 12న పని పూర్తయింది, నేను అడిగాను, తాళం లేదన్నాడు. దొంగతనం 17 రాత్రి. కాబట్టి అంతా బీరువాలోనే పెట్టి తాళం వేసుకున్నానని చెప్పినా అతనికి ఉపయోగం లేదు. అదే అతను "రెడీ, తీసుకెళ్ళండి" అని సందేశం పెట్టినా నేను నెల రోజులు వెళ్ళకుండా ఉండి ఉంటే, ఈ సెక్షన్ నాకు అక్కరకు వచ్చేది కాదు.

మరి రసీదు వెనుక వాక్యం? వస్తువు పోతే మార్కెట్ ధరలో 15 శాతమే ఇస్తామని బిల్లు మీద అచ్చు వేసిన ఒక లాండ్రీ షరతును మద్రాసు హైకోర్టు 1960లలోనే ప్రజాహితానికి విరుద్ధమని కొట్టేసింది. అలాగని ప్రతి షరతూ చెల్లదని కాదు. కానీ సంతకం లేకుండా, ముందుగా చెప్పకుండా చేతిలో పెట్టిన కాగితాన్ని చూసి బెదిరిపోవాల్సిన పని లేదు.

నా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. బ్యాటరీ ఉబ్బిందని నాకు తెలుసు, చెప్పలేదు. తెలిసిన లోపం, పని చేసేవాడికి ప్రమాదం తెచ్చేదైతే, చెప్పి తీరాలని 150వ సెక్షన్. అది విప్పుతున్నప్పుడు అంటుకుని కుర్రాడి చెయ్యి కాలి ఉంటే, పరిహారం నేను ఇవ్వాల్సి వచ్చేది. దుకాణదారు ఈ మాటా ఎత్తాడు, కానీ ఉబ్బిన బ్యాటరీకీ దొంగతనానికీ సంబంధం లేదు కదా.

రసీదు, 12న "రేపు రండి" అని అతను పెట్టిన వాట్సాప్ సందేశం, కొన్న బిల్లు జతచేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని నోటీసు పంపాను. ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు ఉంటుంది. ల్యాప్‌టాప్ 52,000కు కొన్నది, కానీ రెండేళ్ళు వాడినది కాబట్టి ఆనాటి మార్కెట్ విలువగా 30,000 అడిగాను. చివరికి 26,000 ఇచ్చాడు. అమ్మ షష్టిపూర్తి ఫోటోలు మాత్రం అందులోనే పోయాయి. వాటికి ధర కట్టమని నేనూ అడగలేదు.