ఎంసీఎక్స్ బంగారం చార్టుపై 20–50 రోజుల క్రాస్ఓవర్: దీర్ఘకాలం వాడిన తర్వాత సమీక్ష

కొన్నేళ్లుగా ఎంసీఎక్స్ గోల్డ్ మినీ డైలీ చార్టుపై 20 రోజుల, 50 రోజుల సాధారణ మూవింగ్ యావరేజ్‌లను, అంటే గత అన్ని రోజుల ముగింపు ధరల సగటు గీతలను వాడుతున్నాను. 20 రోజుల గీత 50 రోజుల గీతను దాటి పైకి వెళితే కొనడం, కిందికి దిగితే అమ్మడం దీని పద్ధతి. ధర నెలల తరబడి ఒకే దిశలో నడిచినప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. 2024 మార్చి, ఏప్రిల్ నెలల ర్యాలీలో తొందరపడి లాభం తీసుకోకుండా నన్ను నిలబెట్టింది ఇదే. 2021లో లాగా ఔన్సు ధర దాదాపు 1,680, 1,960 డాలర్ల మధ్యే ఊగిసలాడితే మాత్రం రెండు గీతలూ పదేపదే ఒకదాన్నొకటి దాటుతూ చిన్న చిన్న నష్టాలు తెచ్చిపెడతాయి. ఈ లోపం వాడేవాళ్లందరికీ తెలిసినదే. అంతకంటే ప్రమాదకరమైనది, మన రూపాయి చార్టుకే ప్రత్యేకమైనది మరొకటి ఉంది. ధర ఎందుకు మారిందో సగటుకు తెలియదు.

2024 జూలై 23న కేంద్ర బడ్జెట్‌లో బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. అంతకుముందు రోజు 10 గ్రాములకు సుమారు 72,700 రూపాయల దగ్గర ముగిసిన ఫ్యూచర్స్ ధర ఆ ఒక్క రోజే దాదాపు 4,000 రూపాయలు పడిపోయింది. అదే రోజు అంతర్జాతీయ మార్కెట్‌లో ఔన్సు ధర 2,400 డాలర్ల దగ్గరే ఉంది. అంటే అమ్మకాల ఒత్తిడేమీ లేదు, తగ్గినది పన్ను మాత్రమే.

ఈ పతనం సగటుల్లోకి ఎలా ఇంకుతుందో లెక్క వేసి చూడాలి. ధర 4,000 రూపాయలు దిగి అక్కడే నిలిచిందనుకుందాం. ఆ కారణంగా 20 రోజుల సగటు రోజుకు 200 రూపాయల చొప్పున, 50 రోజుల సగటు రోజుకు 80 రూపాయల చొప్పున తగ్గుతూ వస్తాయి కనుక, రెండింటి మధ్య దూరం రోజుకు 120 రూపాయలు మారుతుంది. అంతకుముందు చిన్న సగటు, అంటే 20 రోజులది, 50 రోజుల పెద్ద సగటు కంటే 600 రూపాయలు పైన ఉంటే, ఐదో రోజుకు గీతలు కలిసిపోయి ఆరో రోజున అమ్మకపు సంకేతం వస్తుంది. ఇరవయ్యో రోజుకు చిన్న సగటు 1,800 రూపాయలు కింద ఉంటుంది. అక్కడి నుంచి పెద్ద సగటు మాత్రమే దిగుతూ ఉంటుంది కాబట్టి, నలభై మూడో రోజు ప్రాంతంలో కొనుగోలు సంకేతం వస్తుంది. ఆ రెండు సంకేతాల్లో దేనికీ మార్కెట్‌లో కొత్త కారణం లేదు. రెండూ ఒకే బడ్జెట్ ప్రకటన నీడలు. ఎక్స్‌పొనెన్షియల్ సగటు పెడితే ఇది తప్పుతుందని చాలామంది అంటారు. అది తాజా ధరకు ఎక్కువ బరువు ఇస్తుంది కనుక, ఇదే ఉదాహరణలో తప్పుడు సంకేతం నాలుగో రోజుకే వస్తుంది.

నిజంగా జరిగినదేమిటంటే, ఆగస్టు మధ్యలో ఔన్సు ధర మొదటిసారి 2,500 డాలర్లు, అక్టోబర్‌లో 2,700 డాలర్లు దాటింది. సెప్టెంబర్ చివరికి మన ధర కూడా 75,000 ప్రాంతానికి చేరింది. గోల్డ్ మినీ లాట్ 100 గ్రాములు కాబట్టి, క్రాస్ఓవర్‌ను నమ్మి షార్ట్ చేసినవారికి 10 గ్రాములపై ప్రతి 1,000 రూపాయల పెరుగుదలకూ లాట్‌కు 10,000 రూపాయల నష్టం.

దీనికి ఎదురు దిశలోనూ జరుగుతుంది. 2022 జూన్ చివర సుంకాన్ని 10.75 శాతం నుంచి 15 శాతానికి పెంచినప్పుడు రూపాయి చార్టు ఒక్కసారిగా పైకి లేచింది, కానీ డాలర్ ధర జూలైలో 1,700 కిందికి జారింది. లేచిన ఆ మెట్టు బలహీనతను కప్పేసింది. నెల మారినప్పుడు కాంట్రాక్టులను అతికించే కంటిన్యుయస్ చార్టులోనూ, తర్వాతి కాంట్రాక్టు ప్రీమియం కారణంగా ఇలాంటి మెట్లే చిన్న స్థాయిలో వస్తుంటాయి.

అందుకే సంకేతం వచ్చినప్పుడు ముందుగా డాలర్లలో బంగారం ధర చూపే XAUUSD చార్టుపై అవే రెండు గీతలను, పక్కన డాలర్–రూపాయి మారకపు రేటు USDINRను చూస్తాను. డాలర్ చార్టులో క్రాస్ఓవర్ లేకుండా రూపాయి చార్టులో మాత్రమే ఉంటే, మారకపు రేటైనా, సుంకమైనా, కాంట్రాక్టు మార్పైనా కారణం అయి ఉండాలి. మారకపు రేటు కారణమైతే అది నిజమైన ధర మార్పే కాబట్టి సంకేతాన్ని కొట్టిపారేయను. సుంకం కారణమైతే మార్పుకు ముందున్న ధరలన్నింటినీ అదే నిష్పత్తిలో సరిచేస్తాను: 72,700 నుంచి 68,500కు పడినప్పుడు పాత ధరలను 0.942తో గుణిస్తే మెట్టు మాయమై, సగటులు మళ్లీ నమ్మదగినవిగా మారతాయి. ఈ సవరణ సుంకం మారిన రోజున డాలర్ ధర కదలనప్పుడే సరిగ్గా కుదురుతుంది. అది కూడా గట్టిగా కదిలితే ఆ భాగాన్ని ముందు విడదీయాలి. సవరించని రూపాయి చార్టుపై మాత్రం, సుంకం మారిన తర్వాత 50 ట్రేడింగ్ రోజుల వరకు ఈ క్రాస్ఓవర్ చెప్పే దేని ఆధారంగానూ నేను ఆర్డర్ పెట్టను.