గేదెను కొనేముందు ఒక రాత్రి అక్కడే ఉండండి, నాలాగా మోసపోవద్దు

మాకు ఊళ్లో అరెకరం ఉంది, వ్యవసాయం చేసిన అనుభవం లేదు. ఒక ముర్రా గేదెతో పాడి మొదలుపెడదామని దళారి షెడ్డుకి వెళ్లాను. రెండో ఈత, ఈని 20 రోజులైంది, రెండు పూటలా కలిపి 15 లీటర్లు అన్నాడు. ఉదయం ఆరింటికి నా కళ్ల ముందే 8 లీటర్లు పిండాడు. పిండకముందు పొదుగు రాయిలా బిగిసి, చన్నులు పక్కలకి విచ్చుకుని, పాలు వాటంతటవే కారుతున్నాయి. అది చూసి మురిసిపోయి 1,30,000 ఇచ్చేశాను.

ఇంటికి తెచ్చిన సాయంత్రం మూడున్నర లీటర్లు. ఫోన్ చేస్తే ప్రయాణం బడలిక, పది రోజులు ఆగండి అన్నాడు. లారీ ఎక్కి దిగిన గేదె కొన్నాళ్లు పాలు తగ్గించడం నిజమే కాబట్టి నమ్మాను. పది రోజులయ్యాక కూడా రోజంతా కలిపి 8 లీటర్లే. అప్పుడు అర్థమైంది, ముందురోజు సాయంత్రం వాడు పాలు పిండలేదు. నేను చూసిన 8 లీటర్లు ఒక పూటవి కావు, రోజంతటివి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. దూడను వదిలితే గేదె కాలితో తన్నేది, కొత్త చోటు కదా అనుకున్నాను. పశువుల డాక్టర్ గారు చెయ్యి పెట్టి చూసి, ఇది మూడో నెల చూడి అన్నారు. 20 రోజుల క్రితం ఈనిన గేదె మూడు నెలల చూడితో ఎలా ఉంటుందండీ? ఆ దూడ దానిది కాదు. ఈని చాలా నెలలైన గేదె పక్కన ఎవరిదో లేత దూడను కట్టి అమ్మారు. చూడి గేదె ఏడెనిమిది నెలలకి ఒట్టిపోతుంది, అంటే నాకు పాలు వచ్చేది ఇంకో నాలుగైదు నెలలే, అవీ తగ్గుకుంటూ. ఆ తర్వాత ఈనేదాకా మేపడమే.

కాబట్టి కొనేవాళ్లు మధ్యాహ్నానికే అక్కడికి చేరండి. సాయంత్రం మీ ముందు పూర్తిగా పిండించండి, ఆ పాలు లెక్కలోకి తీసుకోకండి, ఎందుకంటే దానికి ముందు ఎప్పుడు పిండారో మీకు తెలియదు. పిండాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడాలి. ఎక్కడైనా గట్టిగా, వేడిగా ఉంటే పొదుగువాపేమో చూపించుకోండి. రాత్రి గేదె దగ్గరే పడుకోండి. మర్నాడు ఉదయం, సాయంత్రం వచ్చిన పాలే అసలు లెక్క. బకెట్‌లో నురుగు చూసి మోసపోకుండా కాటా మీద తూయించండి. పిండే ముందు పాలు దిగడానికి ఇంజెక్షన్ ఇస్తున్నారేమో కూడా గమనించండి, దానికి అలవాటు పడిన గేదె మీ ఇంట్లో దూడను వదిలినా చేపడానికి మొరాయిస్తుంది.

దూడ చన్ను పట్టినప్పుడు తల్లి దాన్ని నాకుతుందో లేదో చూడండి. ఏది ఏమైనా చూడి పరీక్ష మాత్రం మీరు తీసుకెళ్లిన డాక్టర్ చేతే చేయించండి, వాళ్లు పిలిపించిన మనిషి చేత వద్దు. దానికి నాకు అయ్యే ఖర్చు ఎంతో కాదు, ఆ రోజు తొందరలో వదిలేశాను. రాత్రి ఉండటానికి కుదరదు, వేరే పార్టీ అడ్వాన్స్ ఇస్తానంటోంది అని ఎవరైనా తొందరపెడితే ఆ వేరే పార్టీకే ఇచ్చుకోమని చెప్పి వచ్చేయండి.