కిటికీ వరుస లైట్లకు సెన్సర్ ఎటు చూడాలి: బయటికా, బల్లల మీదికా?

ఓపెన్ ప్లాన్ ఆఫీసులో పగటి వెలుగును బట్టి కిటికీ వైపు లైట్లు తగ్గించడానికి, లైట్లను డిజిటల్‌గా నడిపే డాలీ వ్యవస్థలో రెండు పద్ధతులు వాడతాం. ఓపెన్ లూప్‌లో సెన్సర్ కిటికీ వైపు చూస్తుంది, లైట్ల వెలుగు దాని కంట పడదు. క్లోజ్డ్ లూప్‌లో సీలింగ్ నుంచి బల్లల మీదికి చూస్తూ పగటి వెలుగునూ లైట్ల వెలుగునూ కలిపి చదువుతుంది.

ఓపెన్ లూప్ అమర్చడం తేలిక. ఒక్క సెన్సర్‌తో రెండు మూడు వరుసలు నడుస్తాయి. కానీ ఎండ కళ్లలో పడగానే ఎవరో ఒకరు బ్లైండ్స్ దించుతారు. గాజుకూ బ్లైండ్‌కూ మధ్య ఉన్న సెన్సర్‌కు ఆ సంగతి తెలియదు. బయట ఎండ ఉంది కాబట్టి లైట్లను తగ్గించే ఉంచుతుంది, బల్లలు చీకట్లో పడతాయి. బ్లైండ్స్ లేని ఏట్రియంకైతే అదే వాడతాను. మనుషులు కూర్చుని పనిచేసే చోట మాత్రం నా ఓటు క్లోజ్డ్ లూప్‌కే.

అయితే దాన్ని రాత్రి ఒక్కసారి సెట్ చేసి వదిలేస్తే అదీ మోసం చేస్తుంది. ఒక వరుస తీసుకుందాం. రాత్రి లైట్లు పూర్తిగా వేస్తే బల్ల మీద 600 లక్స్, సెన్సర్ రీడింగ్ 60. మనకు 500 లక్స్ చాలు కాబట్టి రీడింగ్ 50 దగ్గర నిలబెట్టమని చెప్పాం. పగలు లైట్లు ఆపి చూస్తే బల్ల మీద 400 లక్స్ ఉన్నప్పుడు రీడింగ్ 80. పగటి వెలుగు పక్కనుంచి వస్తుంది కాబట్టి, బల్ల మీద అంతే వెలుగుకు సెన్సర్ రెట్టింపు చదువుతోందన్నమాట. అంటే పగటి వెలుగు 250 లక్స్‌కు చేరగానే రీడింగ్ 50 అయిపోతుంది, లైట్లు అడుగుకు పోతాయి. బల్లకు కావలసిన దాంట్లో సగమే అందుతుంది.

అందుకే రాత్రి ఒకసారి, పగలు ఒకసారి కొలవాలి. రాత్రి రీడింగ్ 50 దగ్గర లైట్లు 83 శాతం ఉండాలి. పగలు 400 లక్స్ ఉన్నప్పుడు లైట్ల నుంచి ఇంకో 100 కావాలి, అంటే 17 శాతం. లైట్ల వెలుగు కలిశాక రీడింగ్ 90 అవుతుంది. ఈ రెండు బిందువుల మధ్య గీత గీస్తే రీడింగ్ 70 దగ్గర 50 శాతం వస్తుంది. పగటి వెలుగు 200, లైట్ల నుంచి 300, లెక్క సరిపోయింది. మీ కంట్రోలర్ ఇలా రెండు కొలతలు తీసుకుంటుందో లేదో కొనేముందే అడగండి.

రెండో వరుసకు కూడా విడిగా సెన్సర్ పెట్టడమే నయం. బడ్జెట్ లేకపోతే మొదటి వరుస నుంచి ఆఫ్‌సెట్ ఇవ్వవచ్చు. డాలీలో ఒక లైన్ మీద 16 గ్రూపులు ఉంటాయి కాబట్టి వైరింగ్ ఎలా ఉన్నా వరుసకో గ్రూపు చేసుకోవచ్చు. ఆఫ్‌సెట్‌ను మాత్రం వెలుగు శాతంలోనే లెక్క వేయండి. మామూలు డాలీ కర్వ్‌లో లైటుకు పంపే స్థాయి 254 అయితే పూర్తి వెలుగు, కానీ 127 సగం కాదు, దాదాపు 3 శాతమే. సగం వెలుగు 229 దగ్గర వస్తుంది.

అప్పగించే ముందు సగం మబ్బు పట్టిన రోజున లక్స్ మీటర్‌ను బల్ల మీద పెట్టి, బ్లైండ్స్ ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూడండి. లైట్లు కుదురుకున్నాక రెండుసార్లూ 500 దరిదాపుల్లో ఉండాలి. బ్లైండ్స్ ఎత్తినప్పుడే బాగా తక్కువ చూపిస్తే పగటి కొలత జరగలేదని అర్థం.