పిన్ని రామకోటికి ఏ మాల మేలు?

విజయనగరంలో ఉన్న మా పిన్ని పోయిన శ్రీరామనవమికి కోటి రామనామ జపం మొదలుపెట్టింది. రాయడం కాదు, నోటితో చెప్పుకోవడం. రోజుకి పది మాలలు. నెల తిరక్కుండానే ఫోన్ చేసి, "ఒరేయ్, ఏడో మాలో ఎనిమిదో మాలో మర్చిపోతున్నానురా. దీనికన్నా మంచి మాల ఏటైనా ఉందేటి?" అని అడిగింది. అరవై ఒక్క ఏళ్ల మనిషి, కంటి ఆపరేషన్ అయింది, జపం తెల్లవారుజామున చీకట్లో. అంటే చూసి లెక్కపెట్టే పని కాదు, వేలికి తెలియాలి. ఆ ఒక్క కోణంలోనే నాలుగు మతాల మాలలూ పట్టుకుని చూశాను.

మొదట ఆవిడ చేతిలో ఉన్న తులసి మాల. నూట ఎనిమిది పూసలు, పైన మేరువనే పెద్దపూస ఒకటి. బొటనవేలు, మధ్యవేలు పూసని జరుపుతాయి, చూపుడువేలు తగలకూడదు. మేరువు దగ్గరికి రాగానే దాన్ని దాటరు, మాలని వెనక్కి తిప్పి వచ్చిన దారినే మళ్లీ వెళ్తారు. చాదస్తంలా కనిపిస్తుంది గానీ లెక్కకి పనికొచ్చే ఏర్పాటే. మాల తిప్పాల్సి రావడంతో ఒకటి అయిందని చేతికి గట్టిగా తెలుస్తుంది. కాకపోతే మధ్యలో ఎక్కడున్నామో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఎన్ని మాలలు అయ్యాయో చెప్పేది అసలే లేదు.

ఇంకో లోపం ఆవిడ మాల చేత్తో పట్టుకుంటే గానీ తెలీలేదు. పూసల మధ్య ముడులు లేవు, దారం సాగింది. అలాంటి మాలలో రెండు పూసలు కలిసి వేలికింద జారిపోతాయి, ఒక నామం ఎగిరిపోతుంది. కనిపెట్టడానికి గడియారం చాలు. పిన్ని తీరిగ్గా "శ్రీరామ" అంటే నామానికి దాదాపు రెండు సెకన్లు, అంటే మాలకి మూడున్నర నిమిషాలు పట్టాలి. మేం చూసినప్పుడు మూడు నిమిషాలైనా కాకుండానే మేరువు వచ్చేసింది. వేగం పెరగలేదు, పూసలే జారాయి. అందుకే పూసకీ పూసకీ మధ్య ముడి వేసిన మాల కొనాలి. ముడి ఉంటే దారం తెగినా పూసలన్నీ మంచం కిందకి దొర్లిపోవు కూడా.

కేథలిక్కుల జపమాల పక్కింటి అత్తగారిది. చీకట్లో వేలికి దారి చెప్పడంలో దీన్ని మించింది లేదు. పది పూసలు దగ్గరగా, తర్వాత కాస్త ఖాళీ, ఒంటరిగా ఒక పూస, మళ్లీ ఖాళీ, మళ్లీ పది. ఇలా అయిదు పదులు. చిన్న పూసకి ఒక మంగళవార్త జపం, ఒంటరి పూసకి పరలోక జపం. మరిచిపోయినా ఆ పదిలోనే మరిచిపోతారు, మొత్తం పోదు. కానీ పిన్ని ఈ మాల కావాలంటే ఆవిడ పని వేరు, దీని పని వేరు. ఇక్కడ పది మంగళవార్తలు చెబుతున్నంతసేపూ మనసు ఒక దేవరహస్యం మీద ఉండాలి: సోమవారం క్రీస్తు పుట్టుక చుట్టూ ఉన్న సంతోష రహస్యాలు, శుక్రవారం సిలువ బాధలు, అలా. 2002లో పోప్ రెండో జాన్ పాల్ వెలుగు రహస్యాలు కలిపాక మొత్తం ఇరవై. మాట నోటిది, బొమ్మ మనసుది. ఎన్ని లక్షలైందని ఎవరూ అడగరు. మన వైపు ఎక్కువగా ఉన్న బాప్టిస్టులు మాత్రం పూసల జోలికే పోరు. మత్తయి ఆరో అధ్యాయంలో వ్యర్థంగా మాటలు వల్లించవద్దని ఉందంటారు.

ముస్లిముల జపమాల తస్బీ గురించి మా టైలర్ భాయ్ చెప్పాడు. తొంభై తొమ్మిది పూసల్లో ముప్పై మూడు కాగానే వేరే ఆకారంలో ఒక అడ్డుపూస తగులుతుంది. అక్కడ మాట మారుతుంది. సుబ్హానల్లాహ్ ముప్పై మూడు, అల్‌హమ్దులిల్లాహ్ ముప్పై మూడు, అల్లాహు అక్బర్ ముప్పై నాలుగు, వెరసి వంద. మాటే మారుతుంది కాబట్టి నిద్రమత్తు రాదు, నాకు బాగా నచ్చింది ఇదే. నమాజు తర్వాత నాలుగు నిమిషాల పని. "మరి నీ తస్బీ ఏది?" అంటే నవ్వి వేళ్లు చూపించాడు. వేలికి మూడు గీతలు, చేతికి పదిహేను, రెండు చేతులకి ముప్పై, పైన మూడు. వేళ్లతో లెక్కపెట్టండి, రేపు అవే సాక్ష్యం చెబుతాయని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉందట. మనకీ కరమాల ఉంది కదా, ఉంగరం వేలి నడిమి కణుపు దగ్గర మొదలై చూపుడువేలి మొదట్లో ఆగే పది. రైల్లో శ్రీకాకుళం రోడ్ దాకా నిలబడి వెళ్లేటప్పుడు నాకైతే అదే దిక్కు.

ఇక టిబెట్ మాల. పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా చంద్రగిరి పిక్నిక్కి వెళ్లినవాళ్లు అక్కడి టిబెటన్ల చేతుల్లో చూసే ఉంటారు. ఇదీ నూట ఎనిమిదే, మంత్రం ఓం మణి పద్మే హూం. చైనా భాషలో మిగిలిన ఒక బౌద్ధ సూత్రంలో, దొంగలూ తెగుళ్లతో సతమతమయ్యే రాజుకి బుద్ధుడు చెప్పే ఉపాయం నూట ఎనిమిది కుంకుడు జాతి గింజలు గుచ్చి బుద్ధ, ధర్మ, సంఘ నామాలు చెప్పుకోమని. తలంటుకి వాడి పారేసే గింజలే! రామతీర్థంలో గురుభక్తులకొండ మీద విహారాల పునాదులు చూసి దిగుతూ ఆ మాట చెబితే పిన్ని నమ్మలేదు.

ఆవిడకి కావాల్సింది ఈ మాలకి వేలాడే రెండు చిన్న తోకల్లో ఉంది. ఒక్కోదానికి పది చిట్టిపూసలు. మాల పూర్తయితే మొదటి తోకలో ఒక పూస పైకి జరుపుతారు. పదీ జరిగాక వాటిని దించి, రెండో తోకలో ఒకటి జరుపుతారు. జంట దారాన్ని ఎదురెదురుగా దూర్చి గుచ్చడం వల్ల పూస బిగువుగా ఉంటుంది, జరిపిన చోటే ఆగుతుంది. లూజుగా ఉంటే ఎందుకూ పనికిరాదు. పైగా వాళ్లు నూట ఎనిమిదిని వందగానే లెక్కేస్తారు, ఎనిమిది తప్పులకీ పరధ్యానానికీ వదిలేస్తారు. మనలోనూ చాలామంది పెద్దలది ఇదే లెక్క.

కాబట్టి నా తీర్పు: కోటి లెక్కకి ముడులున్న తులసి మాలే, దానికి టిబెట్ తోకలు. మాల రకం మార్చక్కర్లేదు, దేవుణ్నీ మార్చక్కర్లేదు. గంటస్తంభం దగ్గర కొత్త మాల కొని, చిట్టిపూసలతో రెండు తోకలు గుచ్చి మేరువు పక్కనే కట్టాను. మధ్యలో కడితే వేలికి తగిలి మేరువని పొరపడతారు. రోజూ పది మాలలు, అంటే వెయ్యి, రెండో తోకలో ఒక పూస. పదో రోజుకి పదివేలు, క్యాలెండర్ మీద ఒక గీత. అలాంటి గీతలు వెయ్యి అయితే కోటి.

లెక్క చెప్పాక పిన్ని కాసేపు మాట్లాడలేదు. పదివేల రోజులంటే ఇరవై ఏడేళ్ల పైమాట. "మరి ఆ ఎనిమిదీ కలిపితేనో?" అంది. కలిపితే తొమ్మిది వేల రెండువందల అరవై రోజులు, రెండేళ్లు తగ్గుతాయి. ఆలోచించి, "వద్దులే, తప్పులకి ఉండనీ" అంది. ఎనభై ఎనిమిదేళ్లు వస్తాయి పిన్నీ అన్నాను.

"అయితే రేపట్నుంచి ఇరవై మాలలు. పాలవాడు వచ్చేలోపు అయిపోతాయి" అంటూ తోకలో పూస ఒకటి పైకి తోసింది.