మెల్లమెల్లగా జారిపోయే సబ్‌టైటిల్స్: 4 ఏళ్ళు సబ్‌టైటిల్ ఎడిట్ వాడాక నా మాట

మా అక్కవాళ్ళబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అక్కడి పిల్లలకి పాత తెలుగు సినిమాలు చూపించాలని ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టుకున్నాడు, ఇండియాలో 60 ఏళ్ళు దాటి కాపీరైట్ తీరిపోయినవి మాత్రమే పెడతాడు. వాటికి తెలుగు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చేసి పంపే పని నాది. 4 ఏళ్ళుగా ఈ పనంతా సబ్‌టైటిల్ ఎడిట్‌లోనే చేస్తున్నా, విండోస్‌లో, పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్. దీంట్లో వంద ఆప్షన్లున్నాయి గానీ నాకు ప్రాణం నిలబెట్టింది ఒక్కటే, Point sync, అంటే రెండుచోట్ల సరైన టైమ్ ఇస్తే మిగతా లైన్లన్నీ దాని ప్రకారం సర్దేది. దాని గురించే చెప్తాను.

టైమింగ్ తేడా అంటే అందరూ ఒకటే జబ్బు అనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకుని అన్నిటికీ ముందుకో వెనక్కో జరిపి ఊరుకునేవాణ్ణి. మొదటి డైలాగ్ సరిపోయేది, అరగంట పోయాక మళ్ళీ తేడా. అసలు చూడాల్సింది ఏంటంటే మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర్లో ఒకచోట తేడా ఎంతుందో రాసుకోవాలి. మూడుచోట్లా ఒకటే ఉంటే జరిపితే చాలు. సినిమా నడిచేకొద్దీ తేడా సమానంగా పెరుగుతుంటే అది జారుడు, టైములన్నిటినీ సాగదీయాలి లేదా కుదించాలి. అలా కాకుండా ఇంటర్వెల్ దాకా బాగుండి ఆ తర్వాత ఒక్కసారిగా 20 సెకన్లు ఎగిరిందనుకోండి, ఇంటర్వెల్ కార్డో ఒక పాటో కోసేశారన్నమాట, దానికి సాగదీయడం మందు కాదు, ఆ కోత దగ్గర్నుంచి కింది లైన్లు మాత్రమే సెలక్ట్ చేసి జరపాలి.

మొన్నటి సినిమా చెప్తా. సబ్‌టైటిల్ నేను ఎప్పుడో పాల్ అనే టీవీ పద్ధతిలో చేసిన డీవీడీ చూస్తూ చేసింది, అంటే సెకనుకి 25 ఫ్రేములు. ఇప్పుడొచ్చిన వీడియో 23.976. ప్లే చేస్తే సబ్‌టైటిల్ మాట కంటే ముందే వచ్చేస్తోంది, మొదటి డైలాగ్ దగ్గర 8 సెకన్ల పైన, సబ్‌టైటిల్ ఫైల్లో 70వ నిమిషం దగ్గర 3 నిమిషాల 2 సెకన్లు, 140వ నిమిషం దగ్గర 6 నిమిషాల 2 సెకన్లు. తేడా ఒక లెక్కన పెరుగుతోంది కాబట్టి మధ్యలో కోత లేదని అక్కడే తెలిసిపోయింది. పాల్ డీవీడీ చేసేటప్పుడు సెకనుకి 24 ఫ్రేముల సినిమాని చాలాసార్లు 25తో నడిపేస్తారు, దాంతో సినిమా మొత్తం 4 శాతం దాకా పొట్టిదైపోతుంది, ఈ జారుడుకి మూలం అది.

Synchronization మెనూలో Point sync తెరిచి మొదటి డైలాగ్ పట్టుకున్నా, ఫైల్లో 2 నిమిషాల 10 సెకన్లు, వీడియోలో మాట వినపడింది 2 నిమిషాల 18.55 దగ్గర. Set sync point నొక్కి ఆ టైమ్ ఇచ్చా. తర్వాత చివరి డైలాగ్, ఫైల్లో 2 గంటల 20 నిమిషాలు, వీడియోలో 2 గంటల 26 నిమిషాల 1.75 సెకన్లు. అదీ ఇచ్చి Apply. ఒక్క పాయింట్ ఇస్తే అన్నీ ఉత్తినే జరుగుతాయి, రెండు ఇస్తేనే స్పీడ్ కూడా మారుతుంది, ఇది గుర్తు పెట్టుకోండి. లెక్క చేతిలో వేసి చూసుకున్నా కూడా: రెండు డైలాగుల మధ్య ఫైల్లో 8270 సెకన్లు, వీడియోలో 8623.2, భాగిస్తే 1.0427, సరిగ్గా 25 ని 23.976 తో భాగిస్తే వచ్చే అంకె. అలా తెలిసిన అంకె వస్తే ధైర్యంగా ఉంటుంది, మనం పట్టుకున్న రెండు డైలాగులూ కరెక్టేనని. దీనికి Change frame rate కూడా వాడొచ్చు, కానీ కొత్త కాపీ ముందు 3 సెకన్ల టైటిల్ ఎక్కువుంది, అది విడిగా మళ్ళీ జరుపుకోవాలి, Point sync అయితే రెండూ ఒకేసారి చూసుకుంటుంది.

పాయింట్లు ఎక్కడ పెడతామన్నదే అసలు పనితనం. ఒకసారి చివరిదాకా వెతకడానికి బద్ధకించి 10 నిమిషాల దూరంలో రెండు డైలాగులు పట్టుకున్నా. చెవితో వినేదాంట్లో 0.3 సెకన్ల పొరపాటు మామూలే, అది 10 నిమిషాల మీద పడితే రెండున్నర గంటలకి 15 రెట్లయి నాలుగున్నర సెకన్లైంది. అందుకే మొదటిదీ చివరిదీ వీలైనంత దూరంగా పెట్టండి, పాట లైన్లు వద్దు, మొహం కనపడుతూ ఠక్కున మొదలయ్యే చిన్న మాట పట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం, ఫ్రేమ్ రేట్ అంకె చూసి మోసపోకండి. ఎస్‌ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైల్లో ఉండేది టైమే, ఫ్రేములు కాదు. 25 వీడియోని ఎవరో ఫ్రేములు రిపీట్ చేసి 30 చేశారనుకోండి, సినిమా నిడివి మారదు, సబ్‌టైటిల్ జారదు. నేను ఆ అంకెలు చూసి Change frame rate కొట్టి బాగున్న ఫైల్ ఒకటి పాడు చేసుకున్నా. నిడివి మారిందా లేదా అన్నదే చూడాలి.

టైమింగ్ అంతా ఎస్‌ఆర్‌టీలోనే సరిచేసి, చిట్టచివర్లో బ్రౌజర్‌కి పనికొచ్చే వీటీటీ ఫార్మాట్‌లోకి మారుస్తాను, ఎందుకంటే బ్రౌజర్ ప్లేయర్లో వాడే ట్రాక్ ట్యాగ్‌కి ఎస్‌ఆర్‌టీ అర్థం కాదు. సబ్‌టైటిల్ ఎడిట్‌లో పైన ఫార్మాట్ `WebVTT` అని మార్చి సేవ్ చేస్తే అయిపోతుంది, చాలా ఫైళ్ళుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్ టూల్ వాడతాను, ఒక్కో ఫైల్‌కి కమాండ్ ఇది:

```
ffmpeg -i cinema.te.srt cinema.te.vtt
```

వచ్చే ఫైల్ ఇలా ఉండాలి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అయితే గంట దాటేదాకా ముందున్న గంటల `00:` రాయదు, అదీ పర్లేదు:

```
WEBVTT

00:02:18.550 --> 00:02:21.200
నాన్న వచ్చారా?
```

మొదటి లైన్లో `WEBVTT` లేకపోతే ఒక్క సబ్‌టైటిల్ కూడా రాదు, స్క్రీన్ మీద ఎర్రర్ కూడా ఉండదు, అదే బాధ. మిల్లీసెకన్ల ముందు కామా కాదు చుక్క ఉండాలి, కామా మిగిలిపోయిన లైన్ ఒక్కటే మాయమవుతుంది. ఈ మార్పు నోట్‌ప్యాడ్‌లో ఫైండ్ రీప్లేస్‌తో చేయకండి, డైలాగుల్లో కామాలన్నీ చుక్కలైపోతాయి, నాకు ఒక సినిమా మొత్తం అలా అయ్యి మళ్ళీ కూర్చుని దిద్దుకున్నా. ఫైల్ యూటీఎఫ్-8లోనే ఉండాలి. తెలుగు ఫైల్ పాత ఏఎన్‌ఎస్‌ఐలో సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, అవి ఇంక వెనక్కి రావు, అందుకే ఒరిజినల్ ఎస్‌ఆర్‌టీ ఎప్పుడూ పక్కన దాచుకుంటాను.

పేజీలో వీడియో ట్యాగ్ లోపల ఇంతే:

```
<track kind="subtitles" src="cinema.te.vtt"
 srclang="te" label="తెలుగు" default>
```

పేజీని డెస్క్‌టాప్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే క్రోమ్‌లో వీడియో ఆడుతుంది, సబ్‌టైటిల్ రాదు, అది మీ ఫైల్ తప్పు కాదు, చిన్న లోకల్ సర్వర్ పెట్టి చూడండి. వీటీటీ వేరే డొమైన్‌లో ఉన్నా అంతే, వీడియో ట్యాగ్‌లో `crossorigin` పెట్టాలి, ఆ సర్వర్ కూడా ఒప్పుకోవాలి. మా వాడు ఫైళ్ళు వేరే సర్వర్‌కి మార్చిన రోజు రాత్రి ఫోన్ చేశాడు, మామయ్యా ఒక్క అక్షరం రావట్లేదని. నేను టైమింగులు వెతుక్కుంటూ గంట కూర్చున్నా, చివరికి చూస్తే ఇదే.