డబుల్ టాప్: రెండో శిఖరం దగ్గరే అమ్మాలా, నెక్‌లైన్ తెగేదాకా ఆగాలా?

ధర ఒకసారి ఎక్కి దిగి, మళ్లీ అదే ఎత్తుకు చేరినప్పుడు, మొదటి శిఖరం దగ్గర కొని ఇరుక్కుపోయినవాళ్లు అసలు చేతికొస్తే చాలనుకుని అమ్ముతారు. అప్పుడు అమ్మే అవకాశం జారవిడుచుకున్నవాళ్లూ వారితో చేరతారు. ఈ షేర్లన్నింటినీ కొత్త కొనుగోలుదార్లు తీసుకోలేకపోతే రెండో శిఖరం నిలవదు. మొదటిసారికన్నా వాల్యూమ్, అంటే చేతులు మారే షేర్ల సంఖ్య, తగ్గడం దీనికి తరచూ కనిపించే గుర్తు. అయితే పెరిగే మార్కెట్‌లో మామూలు విరామాలు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి, రెండు శిఖరాల మధ్య పల్లపు మట్టమైన నెక్‌లైన్ కింద ధర ముగిసేదాకా దాన్ని డబుల్ టాప్ అనకూడదు.

అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ 2000 మార్చి 24న 1,527 వద్ద ముగిసి, ఏప్రిల్ 14న 1,357కు పడి, సెప్టెంబరు 1న 1,521కి చేరింది. ఆ రోజు అమ్మి, మార్చిలో ట్రేడింగ్ మధ్యలో తాకిన గరిష్ఠ స్థాయి 1,553 పైన, నష్టాన్ని అక్కడితో ఆపే స్టాప్‌లాస్ పెట్టుకున్నవారికి నష్టభయం 32 పాయింట్లే. కానీ అదే రెండో శిఖరమని అప్పుడు తెలిసే వీలు లేదు. జూలైలో 1,510 నుంచి వెనుదిరిగినప్పుడూ అలాగే అనిపించి, సూచీ మళ్లీ పైకి వచ్చింది.

అక్టోబరు 12న సూచీ 1,330 వద్ద, అంటే నెక్‌లైన్ కింద ముగిసింది. మొదటి శిఖరానికీ నెక్‌లైన్‌కూ మధ్య దూరం 170. నెక్‌లైన్ తెగాక ధర అంతే దూరం పడుతుందన్న అంచనాతో దాన్ని 1,357లోంచి తీసేస్తే లక్ష్యం 1,187. ఇక్కడ షార్ట్ చేసినవారికి, అంటే ధర పడుతుందని ముందే అమ్మి తర్వాత కొనేవారికి, రాబడి 143 పాయింట్లే, రెండో శిఖరం పైన స్టాప్‌లాస్ పెడితే నష్టభయం 191. పైగా నవంబరు తొలి వారంలో సూచీ 1,432కు ఎగిసింది, కాబట్టి నెక్‌లైన్‌కు దగ్గరగా స్టాప్‌లాస్ పెట్టుకున్నవారు నష్టంతో బయటపడి ఉంటారు. ఆ ఎగసిపాటు విఫలమై నవంబరు 20న సూచీ 1,343 వద్ద ముగిసినప్పుడు అమ్మితే, నష్టభయం 1,432 దాకా 89 పాయింట్లు, రాబడి 156. 2001 మార్చి 12న సూచీ 1,180కి చేరి లక్ష్యాన్ని దాటింది.

అందుకే షేర్లు చేతిలో ఉన్నవారికి నెక్‌లైన్ కింద తొలి ముగింపే బయటపడే సమయమనీ, కొత్తగా షార్ట్ చేసేవారికి తిరిగి ఎగసిన ధర విఫలమయ్యేదాకా ఆగడమే మేలనీ నా అభిప్రాయం. ఈ రెండో దారిలో ధర అసలు వెనక్కి రాకపోతే అవకాశం పోతుంది. ఆ మూల్యం చెల్లించదగినదే.

దీనికి తలకిందులైన డబుల్ బాటమ్‌లో, అంటే ధర దాదాపు ఒకే లోతుకు రెండుసార్లు పడి లేచేటప్పుడు, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఇదే సూచీ 2002 జూలై 23న 798 వద్ద, అక్టోబరు 9న 777 వద్ద ముగిసింది. మొదటి పల్లానికి సరిగ్గా కింద స్టాప్‌లాస్ పెట్టి ముందే కొన్నవారు అక్కడే నష్టపోయి ఉంటారు. ఈ రెండు పల్లాల మధ్య నెక్‌లైన్ అయిన ఆగస్టు నాటి 963 మట్టాన్ని సూచీ దాటి ముగిసింది 2003 మే చివర్లో మాత్రమే.